గుమ్మం ముందు పది నిమిషాలు

మా ఇంట్లో నలుగురం. పెద్దమ్మాయికి 13 ఏళ్లు, చిన్నాడికి 7. బాత్రూమ్ ఒక్కటే. స్కూలు బస్సు 7:48కి వస్తుంది, అర నిమిషం ఆగి వెళ్లిపోతుంది. 7:40కి ఇంటికి తాళం వేస్తే మామూలుగా నడుచుకుంటూ వెళ్లొచ్చు. 7:43 దాటితే పరుగే.

ఒకరోజు 7:44కి చిన్నాడు ఒక కాలికి షూ తొడుక్కుని, రెండో సాక్సు దొరక్క గుమ్మంలో కూర్చుండిపోయాడు. అప్పటికే నేను రెండుసార్లు అరిచాను. మూడోసారి అరవబోతుంటే తలెత్తి, ఏడుపు ఆపుకుంటూ, "అమ్మా, నేను కావాలని చెయ్యట్లేదు" అన్నాడు. ఆ రోజంతా ఆ మాట నన్ను వదల్లేదు. నిజమే, వాడు కావాలని చెయ్యట్లేదు. గోడ మీద నేను రాసి అంటించిన టైమ్‌టేబుల్ ఉంది. వాడు రోజూ దాన్ని అందుకోలేకపోతున్నాడు, నేను రోజూ తిడుతున్నాను. తప్పు వాడిదా, ఆ కాగితానిదా అని నేను ఒక్కసారి కూడా చూడలేదు.

ఆ కాగితంలో ఇలా ఉండేది: లేచి ముఖం కడుక్కోవడం 5 నిమిషాలు, బాత్రూమ్, స్నానం కలిపి 15, బట్టలు 5, టిఫిన్ 15, షూ, బ్యాగు 3. మొత్తం 43. పిల్లలిద్దరినీ 6:40కి లేపితే 7:23కల్లా సిద్ధం కావాలి, ఇంకా 17 నిమిషాలు మిగలాలి. జరిగేది మాత్రం, 7:45కి గుమ్మంలో ఏడుపు.

అందరూ చెప్పే మందు మేమూ వాడి చూశాం. ఇంకా ముందు లేపాం. 6:40 కాస్తా 6:15 అయింది. రెండు వారాలు అలా చేశాక బయటపడే టైము 7:45 నుంచి 7:42కి వచ్చింది. 25 నిమిషాల నిద్ర పోస్తే 3 నిమిషాలు చేతికొచ్చాయి. మిగతా 22 ఎటు పోయాయో మాకెవరికీ తెలియదు. ఈ వ్యాసంలో నేను గట్టిగా అనదలుచుకున్నది ఇదే: పొద్దున ఆలస్యానికి ముందు లేపడం మందు కాదు. ఆ నిమిషాలు ఎక్కడ పోతున్నాయో తెలియకుండా ఎన్ని పోసినా అడుగులేని కుండలో పోసినట్టే. పైగా అవి ఊరికే వచ్చిన నిమిషాలు కావు. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకి రోజుకి 9 నుంచి 12 గంటలు, 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకి 8 నుంచి 10 గంటలు నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో చెప్పింది. రాత్రి పడుకునే టైము జరపకుండా పొద్దున అరగంట ముందు లేపితే, ఆ అరగంట ఈ లెక్కలోంచి పోయినట్టే.

ముందు కొలవాలి

టైమ్‌టేబుల్ రాయడానికి ముందు పది స్కూలు రోజులు ఊరికే కొలిచాం. ఫ్రిజ్ మీద ఒక కాగితం, దారం కట్టిన పెన్సిలు. ఒక్కో పని ముగిసినప్పుడు పెద్దవాళ్లలో ఎవరో ఒకరు టైము రాయాలి, అంతే. ఆ పది రోజులూ తొందరపెట్టకూడదు, "చూశావా ఎంతసేపు పట్టిందో" అనకూడదు. అంటే పిల్లలు ఆ పది రోజులు మాత్రం చకచకా చేసేసి, ఆ తర్వాత మామూలైపోతారు. అప్పుడు ఆ అంకెలు పనికిరావు.

కొలవడంలో ఒక చిన్న కిటుకు ఉంది. మొదటి రెండు రోజులు నేను పని మొదలైన దగ్గర్నుంచి ముగిసేదాకా రాశాను. చిన్నాడి పనులన్నీ కూడితే 46 నిమిషాలు వచ్చాయి. కానీ వాణ్ణి లేపిన దగ్గర్నుంచి గుమ్మం దాటేదాకా 65 నిమిషాలు పట్టింది. ఆ 19 నిమిషాలు ఏ పనిలోనూ లేవు, పనికీ పనికీ మధ్య ఉన్నాయి. అందులో 11 నిమిషాలు బాత్రూమ్ తలుపు బయట నిలబడటం. మిగతావి చొక్కా వెతకడం, మంచినీళ్లు తాగడం, అక్క ఏం చేస్తోందో వెళ్లి చూడటం. ఏ టైమ్‌టేబుల్లోనూ వీటికి గడి ఉండదు. మూడో రోజు నుంచి పద్ధతి మార్చాను. బట్టలు వేసుకోవడానికి ఎంత పట్టిందంటే, ముఖం కడుక్కోవడం ముగిసిన క్షణం నుంచి చివరి గుండీ పెట్టేదాకా. మధ్యలో ఏం జరిగినా ఆ పని ఖాతాలోకే వెళ్తుంది. అలా కొలిస్తే అంకెలు పెద్దవవుతాయి, కానీ నిజమవుతాయి. మొదటి రెండు రోజులవి కొట్టేసి మళ్లీ పది రోజులు లెక్కపెట్టుకున్నాం.

చిన్నాడికి బట్టలు వేసుకోవడానికి పట్టిన నిమిషాలు పది రోజుల్లో ఇవి: 6, 5, 4, 7, 6, 5, 14, 6, 8, 5. నేను కాగితం మీద రాసింది 5. పదింటిలో 5 గానీ అంతకన్నా తక్కువ గానీ పట్టింది నాలుగు రోజులే. అంటే నా టైమ్‌టేబుల్ ప్రకారం మా అబ్బాయి పది రోజుల్లో ఆరు రోజులు తప్పు చేసినట్టు. ఇలాంటి తప్పు అంచనా మన ఒక్కరి బలహీనత కాదు. 1994లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఆఖరి సంవత్సరం థీసిస్ రాస్తున్న సైకాలజీ విద్యార్థులని ఎన్నాళ్లలో ముగిస్తారని అడిగితే సగటున దాదాపు 34 రోజులన్నారు. పట్టింది 55 రోజులు. అన్నీ ఎదురు తిరిగితే ఎంత పడుతుందో చెప్పమన్నా, వాళ్లు చెప్పింది నిజంగా పట్టినదానికన్నా తక్కువే. ఒక పనిని తలుచుకుంటే అది సాఫీగా సాగిన రోజే మనకి గుర్తొస్తుంది. సాక్సు దొరకని రోజు గుర్తు రాదు.

మరి ఏ అంకె తీసుకోవాలి? సగటు తీసుకోకూడదు. సగటు తీసుకుంటే ఇక్కడ పదింటిలో మూడు రోజులు తప్పుతుంది. అన్నిటికన్నా పెద్దదీ తీసుకోకూడదు, ఆ 14 కోసం వాడు రోజూ ఊరికే కూర్చోవాలి. నేను పెట్టుకున్న నియమం సులువు. పది అంకెల్నీ వరసలో పేర్చి, పెద్దవి రెండు కొట్టేసి, మిగిలిన వాటిలో పెద్దది తీసుకోవాలి. ఇక్కడ 14, 8 పోతే మిగిలే పెద్దది 7. బట్టలకి 7 నిమిషాలు. పదింటిలో ఎనిమిది రోజులు అది సరిపోతుంది.

కొట్టేసిన వాటినీ అలా వదిలెయ్యకూడదు. ఆ 14 ఎందుకు వచ్చిందో అడగాలి. ఆ రోజు యూనిఫామ్ ప్యాంటు ఇంకా ఆరలేదు, వేరేది వెతికి ఇస్త్రీ చేశాం. అది పొద్దున పని కాదు, ముందు రోజు రాత్రి పని. అలా కొట్టేసిన పెద్ద అంకెల్ని ఒక్కొక్కటే చూస్తే చాలావరకు రాత్రే చెయ్యగలిగినవే: సాక్సులు షూలో పెట్టడం, బ్యాగు సర్దడం, డైరీలో సంతకం. రాత్రి సర్దుకోమని అందరూ చెబుతారు. కానీ ఏవి సర్దుకోవాలో ఈ పెద్ద అంకెలే చూపిస్తాయి. మా ఇంట్లో అవి మూడే తేలాయి. పది పనుల జాబితా పెట్టుకుని ఉంటే వారంలో మానేసేవాళ్లం.

కరువు దేనికో చూడాలి

పిల్లల్లో ఎవరు నెమ్మది అని చూస్తే ఏమీ తేలదు. ఇంట్లో అందరూ ఒకేసారి వాడలేనిది ఏది అని చూడాలి. మా ఇంట్లో అలాంటివి రెండు: ఆ ఒక్క బాత్రూమ్, నా రెండు చేతులు. టైమ్‌టేబుల్ ముందు వీటికి వెయ్యాలి. మనుషుల టైములు వాటి చుట్టూ అవే అమరుతాయి.

బాత్రూమ్ కాగితం ఒకటి వేరే గీశాను, ఎవరు ఎప్పుడు లోపల ఉన్నారో. అది గీయగానే 11 నిమిషాల నిలబడటం ఎక్కడిదో తేలిపోయింది. ఇద్దరు పిల్లల్నీ 6:40కే లేపుతున్నాం. ఇద్దరూ ఒకేసారి తలుపు దగ్గరికి వస్తారు, లోపల మా ఆయన ఉంటారు. ఇద్దర్నీ ఒకేసారి లేపడమే గొడవకి మూలం. పెద్దది కాబట్టి అమ్మాయిని ముందు లేపాలనుకునేదాన్ని, అదీ తప్పే. యవ్వనంలోకి వస్తున్న పిల్లలకి ఒంట్లోని గడియారం వెనక్కి జరుగుతుంది, రాత్రి నిద్ర ఆలస్యంగా పడుతుంది, పొద్దున మెలకువ కష్టమవుతుంది. అది బద్ధకం కాదు. ఈ కారణంతోనే హైస్కూళ్లు 8:30కి ముందు మొదలవకూడదని అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ 2014లో సిఫారసు చేసింది. స్కూలు టైము నా చేతిలో లేదు. కానీ ఇంట్లో ఎవర్ని ఆఖర్న లేపాలన్నది నా చేతిలో ఉంది. ఏడేళ్ల వాడు తొమ్మిదికల్లా నిద్రపోతాడు, వాడు ముందు లేస్తే నష్టం లేదు. ఆఖర్న లేవాల్సింది పదమూడేళ్ల పిల్ల.

చిన్నాడి స్నానం రాత్రికి మార్చేశాం. దాంతో పొద్దున బాత్రూమ్‌లో 10 నిమిషాలు ఖాళీ అయ్యాయి. పెద్దవాళ్లం ఇద్దరం 6:30కల్లా స్నానాలు ముగించుకోవాలని పెట్టుకున్నాం. మిగిలిన ఒక్క మార్పు అన్నిటికన్నా ఎక్కువ పని చేసింది.

చిన్నాడికి స్కూల్లో బాత్రూమ్‌కి వెళ్లాలంటే ఇష్టం ఉండదు. ఇంట్లో వెళ్లకపోతే సాయంత్రం దాకా ఆపుకుంటాడు. అందుకని లేవగానే కూర్చోబెట్టేదాన్ని. వాడు 10 నిమిషాలు కూర్చుని ఏమీ కాక లేచి వచ్చేవాడు. తీరా షూ వేసుకున్నాక "అమ్మా, బాత్రూమ్" అనేవాడు. కొలిచిన పది రోజుల్లో నాలుగు రోజులు ఇలాగే జరిగింది. చాలాసార్లు బస్సు తప్పబోయింది సరిగ్గా దీనివల్లే. దీనికి ఒంటి ధర్మం ఒకటుంది. కడుపులో తిండి పడగానే పెద్దపేగు కదలడం మొదలుపెడుతుంది, గ్యాస్ట్రోకోలిక్ రిఫ్లెక్స్ అంటారు. పొద్దున తిన్నాక అది బలంగా ఉంటుంది. మలబద్ధకం ఉన్న పిల్లల్ని తిన్నాక 5, 10 నిమిషాలు కూర్చోబెట్టమని డాక్టర్లు చెప్పేది ఇందుకే. కాళ్లు గాల్లో వేలాడకుండా కింద పీట వెయ్యమనీ చెబుతారు. అంటే వాడు షూ వేసుకున్నాక అడగడం మొండితనం కాదు. తిన్న పావుగంటకి ఒళ్లు తన పని తాను చేస్తోంది, నేనే దానికి టైము ఇవ్వలేదు. టిఫిన్ తర్వాత వాడికి బాత్రూమ్ కేటాయించాం, 10 నిమిషాలు. లేవగానే కూర్చోబెట్టడం మానేశాం. ఆఖరి నిమిషం "అమ్మా, బాత్రూమ్" దాదాపుగా పోయింది.

వెనక నుంచి లెక్క

అంకెలు దొరికాక టైమ్‌టేబుల్ గుమ్మం దగ్గర మొదలుపెట్టి వెనక్కి వేసుకుంటూ వెళ్లాలి. లేచిన దగ్గర్నుంచి ముందుకి వేస్తే చివర్లో ఎంత మిగిలితే అంతే మిగులుతుంది. వెనక్కి వేస్తే ఎప్పుడు లేపాలో అదే చెబుతుంది.

చిన్నాడిది ఇలా వచ్చింది. 7:40కి తాళం. దానికి ముందు 10 నిమిషాలు ఏ పనీ లేని ఖాళీ, దాని సంగతి తర్వాత చెబుతాను. కాబట్టి 7:30కి సిద్ధంగా ఉండాలి. షూ, బ్యాగు 5 నిమిషాలు, అంటే 7:25కి మొదలు. అంతకుముందు బాత్రూమ్ 10, 7:15. టిఫిన్ 18, 6:57. బట్టలు 7, 6:50. ముఖం, పళ్లు, ఒంటికి 5, 6:45. ఆ ముందు 10 నిమిషాలు మెలకువ రావడానికి. 6:35కి లేపాలి.

ఆ మెలకువ 10 నిమిషాల గురించి ఒక్క మాట. నా పాత కాగితంలో దానికి సున్నా. లేపిన క్షణం నుంచే పని మొదలైనట్టు రాసుకున్నాను. నిద్ర లేచాక మెదడు మందంగా ఉండే దశ ఒకటుంది, స్లీప్ ఇనర్షియా అంటారు. మామూలుగా 15 నుంచి 30 నిమిషాలు ఉంటుంది. ఆ టైములో ఏ చొక్కా కావాలి, ఏం తింటావు అని అడిగితే జవాబు రాదు, ఏడుపు వస్తుంది. అందుకే ఆ పది నిమిషాలు లైటు వేసి, పక్కన కూర్చుని, వీపు నిమిరి వచ్చేస్తాను. ఏమీ అడగను. ఆ తర్వాతి పనులు కూడా ఆలోచన అక్కర్లేనివే, ముఖం కడుక్కోవడం, మంచం చివర పెట్టిన బట్టలు తొడుక్కోవడం. మొదటి ప్రశ్న వేసేది టిఫిన్ దగ్గరే.

పెద్దమ్మాయి 6:45కి లేస్తుంది. మెలకువకి 8. 6:53 నుంచి 7:08 దాకా బాత్రూమ్, పళ్లు తోముకోవడం కూడా అందులోనే. బట్టలు, జుట్టు 7:15 దాకా. టిఫిన్ 12 నిమిషాలు, 7:27. షూ 3, 7:30. తనకీ అదే పది నిమిషాల ఖాళీ.

ఇప్పుడు బాత్రూమ్ కాగితం మళ్లీ చూస్తే, 6:45 నుంచి 6:50 చిన్నాడు, 6:53 నుంచి 7:08 పెద్దమ్మాయి, 7:15 నుంచి 7:25 మళ్లీ చిన్నాడు. ఎక్కడా ఇద్దరు లేరు. కానీ 6:50కీ 6:53కీ మధ్య మూడే నిమిషాలు. వాడు లేవడం 5 నిమిషాలు లేటైతే ఆ సందు చాలదు, అక్క బయట నిలబడాలి. ఈ కాగితంలో నిజంగా బిగువైన చోటు ఇదొక్కటే. అందుకే లేటైన రోజు వాడి ముఖం, పళ్లు వంటింటి సింకు దగ్గర కానిచ్చేస్తాం. మిగతా చోట్ల రెండు నిమిషాలు అటూ ఇటూ అయినా ఏమీ కాదు. పొద్దున అంతా అన్ని నిమిషాలనీ ఒకే గట్టిగా కాపలా కాయాల్సిన పని లేదు, ఈ ఒక్క చోట మాత్రం మెలకువగా ఉంటే చాలు.

నా చేతుల కాగితం కూడా గీస్తే 7:08కి చిక్కు కనిపించింది. అమ్మాయి జడ, లంచ్ బాక్సుల మూతలు, చిన్నాడి పక్కన కూర్చోవడం, మూడూ ఒకేసారి. అందులో నేనే చెయ్యాల్సింది జడ ఒక్కటే. బాక్సులు మా ఆయన 6:35 నుంచి 6:55 లోపల ముగిస్తారు, టిఫిన్ దగ్గర చిన్నాడితో తనే కూర్చుంటారు. పెద్దవాళ్లు ఒక్కరే ఉన్న ఇంట్లో అసలు కరువు బాత్రూమ్‌కి కాదు, చేతులకే. అక్కడ ముందు గీయాల్సింది ఈ రెండో కాగితం. చేతులు కావాల్సిన పని ఏదైనా రాత్రికి వెళ్తుందా అని చూడటం తప్ప అక్కడ వేరే దారి తక్కువ.

ఖాళీ ఒక్క చోటే ఎందుకు

ఇప్పుడు ఆ పది నిమిషాలు. మొదట్లో మా ఆయనకీ నాకూ దీని మీదే వాదన. ఆయన ఒక్కో పనికి రెండేసి నిమిషాలు ఎక్కువ వెయ్యమన్నారు. ఆరు పనులకి 12 నిమిషాలు, లెక్కకి నా పదికన్నా ఎక్కువే కదా అన్నారు. వినడానికి బాగుంది. పది రోజుల కాగితం మాత్రం వేరే చెప్పింది. బట్టలు 4 నిమిషాల్లో వేసుకున్న రోజు చిన్నాడు టిఫిన్‌కి 3 నిమిషాలు ముందు రాలేదు. మామూలు టైముకే వచ్చాడు, మధ్యలో కిటికీ దగ్గర నిలబడ్డాడు. 8 పట్టిన రోజు మాత్రం టిఫిన్‌కి ఆ మేరకు లేటుగా వచ్చాడు. మిగిలిన నిమిషాలు తర్వాతి పనికి వెళ్లవు, తగ్గిన నిమిషాలు మాత్రం తప్పకుండా వెళ్తాయి. అందుకే పనుల మధ్య చల్లిన నిమిషాలు ఆవిరైపోతాయి. చివర్న ఒక్కచోట పోగేసినవి ఎవరికి అవసరమైతే వాళ్లకి దొరుకుతాయి.

ఇంకో లెక్క ఉంది. ఒక్కో పని పదింటిలో ఎనిమిది రోజులు టైముకి ముగిసేలా అంకెలు తీసుకున్నాం. దేనికదే అనుకుంటే, ఆరు పనులూ ఒకే రోజు టైముకి ముగిసే అవకాశం ఎంత? 0.8ని ఆరుసార్లు గుణిస్తే 0.26. నాలుగు రోజులకి ఒక్క రోజు. మిగతా మూడు రోజులు ఏదో ఒకటి తప్పుతుంది. ఏదో ఒకటి తప్పడమే మామూలు రోజు. ఇది అర్థమయ్యాక నా కోపం సగం తగ్గింది.

పది నిమిషాలు సరిపోతాయా అన్నది మొదట ఊహించి పెట్టాను, తర్వాత కొలిచాను. కొత్త పద్ధతిలో పది రోజులు, 7:30 దాటి ఎన్ని నిమిషాలకి ఇద్దరూ సిద్ధమయ్యారో రాశాం: 0, 0, 2, 0, 5, 3, 0, 8, 4, 16. తొమ్మిది రోజులు పదిలోపే ఉంది. ఆ 16 చిన్నాడు పాలు ఒంటి మీద పోసుకున్న రోజు.

అలాంటి రోజుకి ఏం వదిలెయ్యాలో ముందే అనుకుని ఉండాలి. ఆ గొడవలో నిలబడి ఆలోచిస్తే కోపమే వస్తుంది. మా ఇంట్లో రెండు: ఎంత లేటుగా కూర్చున్నా 7:20కి చిన్నాడి టిఫిన్ ప్లేటు తీసేసి మిగిలింది డబ్బాలో పెట్టేస్తాం, జడ బదులు జుట్టు రబ్బరు బ్యాండుతో కట్టేస్తాం. పళ్లు తోముకోవడం, టిఫిన్ తర్వాత బాత్రూమ్ మాత్రం వదలం. ఖాళీ మిగిలిన రోజు దాన్ని కొత్త పనితో నింపం. ఇద్దరూ షూలు వేసుకుని గుమ్మంలో కూర్చుంటారు, అక్క తమ్ముడికి ఏదో చెబుతుంటుంది. నాకు రోజంతటిలో ఇష్టమైన నిమిషాలు అవి.

పిల్లలకి నిమిషాలు చూపించకండి

ఈ అంకెలన్నీ నా కోసం. చిన్నాడి గోడ మీద ఒక్క అంకె కూడా లేదు. ఆరు బొమ్మలు ఉన్నాయి, వాడే గీశాడు: మంచం, కుళాయి, చొక్కా, ప్లేటు, బాత్రూమ్, షూ. వరస మారదు, అదే వాడికి కావాల్సింది. ఏడేళ్ల పిల్లాడికి "ఇంకా నాలుగు నిమిషాలే" అంటే గొంతులో తొందర తెలుస్తుంది, టైము తెలియదు. నాలుగు నిమిషాలంటే ఎంతో వాడి ఒంటికి ఇంకా తెలియదు. దాని బదులు ముళ్ల గడియారం ఒకటి టిఫిన్ బల్ల ఎదురుగా పెట్టాం. పెద్ద ముల్లు 3 మీదికి వస్తే ప్లేటు ముగియాలి, 5 మీదికి వస్తే షూ దగ్గరికి. ఆ రెండే వాడు చూసుకుంటాడు. నేనూ రెండుసార్లే గడియారం చూస్తాను, 6:57కి ఒకసారి, 7:25కి ఒకసారి. మొదటిసారి తేడా 8 నిమిషాల లోపు ఉంటే నోరెత్తను.

ఎక్కడో చెడుతోందని తెలియడానికి ఒక్కటే చూస్తాను. ఆ చివరి పది నిమిషాలు వారంలో రెండు రోజులకన్నా ఎక్కువ పూర్తిగా ఖర్చయితే, మళ్లీ పది రోజులు కొలవాలి. అన్ని పనులూ అక్కర్లేదు, అనుమానం ఉన్నది ఒక్కటే. పొద్దున చీకటి ఎక్కువుండే నెలల్లో మాకు మెలకువ 10 నుంచి 14కి పెరిగింది, ఆ నెలలకి 6:31కి లేపాం. సెలవుల తర్వాతి మొదటి మూడు, నాలుగు రోజుల అంకెలు లెక్కలోకి తీసుకోం, నిద్ర టైము జరిగి ఉంటుంది కాబట్టి. మరోవైపు, రెండు వారాల పాటు ఖాళీ ఎవరూ ముట్టుకోకపోతే అందులో మూడు నిమిషాలు నిద్రకి తిరిగి ఇచ్చెయ్యాలి. మా ఇంట్లో అది ఇప్పటికి ఒక్కసారే జరిగింది.

పోయిన వారం పెద్దమ్మాయి వచ్చి, "అమ్మా, నాకు బాత్రూమ్‌లో 15 చాలట్లేదు, 20 కావాలి" అంది. ఇదివరకైతే కుదరదనేదాన్ని. ఈసారి కాగితం తెచ్చి పక్కన కూర్చోబెట్టుకున్నాను. 7:08 బదులు 7:13కి బయటికి వస్తే తమ్ముడి 7:15కి అడ్డం రాదు. కానీ తన బట్టలు, టిఫిన్, షూ అన్నీ ఐదు నిమిషాలు జరుగుతాయి, తన ఖాళీ పది నుంచి ఐదవుతుంది. ముందు లేద్దామన్నా 6:50 దాకా బాత్రూమ్‌లో తమ్ముడు ఉంటాడు. తనే కాసేపు చూసి, తలస్నానం రాత్రికి మార్చుకుంటే సరిపోతుందేమో అంది. నిజంగా ఎంత పడుతోందో ముందు చూద్దాం అన్నాను. ఫ్రిజ్ మీద కొత్త కాగితం అంటించింది, ఈసారి తనే రాసుకుంటోంది. ఇప్పటికి మూడు రోజులయ్యాయి: 19, 16, 22. ఇంకా ఏడు రోజులు రాయాలి.